వైజాగ్‌లో పెళ్ళికి ముందో, ప్రెగ్నెన్సీకి ముందో థలసీమియా ప్యాకేజ్ కొంటున్నారా, జాగ్రత్త

ముందే చెప్పేస్తున్నా, ల్యాబ్ పేరు పెట్టను, ఎందుకంటే ఇది ఒక్క ల్యాబ్ గోల కాదు, డాబాగార్డెన్స్ నుంచి గాజువాక దాకా చాలా చోట్ల ఇదే పేరుతో ఇదే అమ్ముతున్నారు. "కపుల్ థలసీమియా క్యారియర్ స్క్రీనింగ్, కంప్లీట్" అని బోర్డు ఉంటుంది. థలసీమియా అంటే హిమోగ్లోబిన్‌లోని ఆల్ఫా లేదా బీటా భాగం సరిపడా తయారవ్వని, తల్లిదండ్రుల నుంచి వచ్చే జబ్బు, తమకి జబ్బు లేకుండా ఆ లోపాన్ని మోసేవాళ్ళే క్యారియర్లు. డబ్బులు కట్టాక చేసేది రక్త కణాలు లెక్కపెట్టే సీబీసీ, దాంతో పాటు ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత శాతం ఉందో చూపే ఎలక్ట్రోఫోరెసిస్ లేదా హెచ్‌పీఎల్‌సీ. బీటా థలసీమియాకి, సికిల్ సెల్‌కి అది మంచి టెస్టే, నేను కాదనను. కానీ ఆల్ఫా థలసీమియా క్యారియర్లని అది చాలావరకు పట్టుకోదు. "కంప్లీట్" అన్న మాట నమ్మి మా అక్కా బావా ఆ ప్యాకేజ్ చేయించుకున్నారు, ఇద్దరికీ "హిమోగ్లోబినోపతీ ఏమీ లేదు" అని రాసిచ్చారు. ఇప్పుడు వాళ్ళ బాబుకి నాలుగేళ్ళు, హిమోగ్లోబిన్ హెచ్ డిసీజ్, అది ఆల్ఫా థలసీమియానే.

అప్పటి రిపోర్టులు తీసి చూస్తే కడుపు మండిపోయింది, ఎందుకంటే అనుమానించాల్సింది అందులోనే ఉంది. బావకి హిమోగ్లోబిన్ 12.9, ఎర్ర కణాల కౌంట్ 6.2 మిలియన్లు, కణం సైజు చెప్పే ఎంసీవీ 67, ఏ2 అనే రకం హిమోగ్లోబిన్ 2.3 శాతం. రక్తం దాదాపు సరిపడా ఉంది, కణాలు లెక్కకి ఎక్కువే ఉన్నాయి, కానీ ఒక్కో కణం మాత్రం చాలా చిన్నది (ఎంసీవీ 80 పైన ఉండాలి). ఐరన్ లోపమైతే కౌంట్ ఇలా పెరగదు, పైగా ఫెరిటిన్ 110, అంటే ఐరన్ బాగానే ఉంది. బీటా ట్రెయిట్, అంటే బీటా క్యారియర్ అయితే ఏ2 3.5 దాటాలి, అదీ లేదు. ఐరన్ కాదు, బీటా కాదు, కణం మాత్రం చిన్నది. అలాంటప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న ఆల్ఫా. ఎవరూ అడగలేదు, ఏ2 నార్మల్ కాబట్టి కింద "నార్మల్" అని పడిపోయింది.

ఎలక్ట్రోఫోరెసిస్‌లో ఇది ఎందుకు కనపడదో నాకు హెమటాలజిస్ట్ గారు చాలా ఓపిగ్గా చెప్పారు, నాకు అర్థమైనట్టు రాస్తా. ఆల్ఫా గ్లోబిన్ తయారు చేసే జీన్లు మనకి నాలుగు, 16వ క్రోమోజోమ్ మీద అమ్మ వైపు రెండు, నాన్న వైపు రెండు. ఇంటికి నాలుగు కుళాయిలు ఉన్నాయనుకోండి, రెండు కట్టేస్తే వచ్చే నీళ్ళు తగ్గుతాయి గానీ నీళ్ళు మారవు కదా, ఎలక్ట్రోఫోరెసిస్ చూసేది నీళ్ళ రకాన్ని, ఎన్నొస్తున్నాయని కాదు. పెద్దవాళ్ళలో ఉండే హిమోగ్లోబిన్ ఏ, ఏ2, ఎఫ్ మూడింట్లోనూ ఆల్ఫా ఉంటుంది, ఆల్ఫా తగ్గితే మూడూ కలిసే తగ్గుతాయి, శాతాలు మాత్రం దాదాపు అలాగే ఉంటాయి. బీటాలో అలా కాదు, ఏ తగ్గుతుంది, బీటా అవసరం లేని ఏ2 వాటా పెరుగుతుంది, అందుకే అక్కడ ఈ టెస్ట్ పనికొస్తుంది.

నాలుగింట్లో ఒకటే పోతే సైలెంట్ క్యారియర్, సీబీసీ కూడా నార్మల్‌గానో కాస్త తక్కువగానో ఉంటుంది, మనిషికి ఏ ఇబ్బందీ ఉండదు. రెండు పోతే ట్రెయిట్, కణాలు చిన్నవి, రక్తం కాస్త తక్కువ. ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి, ఆ రెండూ చెరో క్రోమోజోమ్ మీద ఒక్కొక్కటిగా పోయాయా, లేక ఒకే క్రోమోజోమ్ మీదవి రెండూ పోయాయా అన్నది సీబీసీలో గానీ ఎలక్ట్రోఫోరెసిస్‌లో గానీ తేలదు, కానీ పిల్లల విషయంలో మొత్తం తేడా అదే. మన దేశంలో ఎక్కువ కనపడేది ఒక్క జీన్ పోయే 3.7 డిలీషన్, అదే ఇద్దరి దగ్గరా ఉన్నా పిల్లలకి చేరేది మహా అయితే రెండు లోపాలే. బావకి ఉన్నది రెండో రకం, ఒక క్రోమోజోమ్ మీద రెండూ లేవు. అక్కకి 3.7 ఒకటి, సైలెంట్, ఆవిడ ఎంసీవీ 80, ఎవరికి అనుమానం వస్తుంది చెప్పండి. బావ దగ్గరి ఖాళీ క్రోమోజోమ్, అక్క దగ్గరి ఒక్క జీన్ ఉన్న క్రోమోజోమ్ కలిస్తే బిడ్డకి మిగిలేది ఒక్కటే జీన్. ప్రతి ప్రెగ్నెన్సీకీ ఆ అవకాశం 25 శాతం. ఇక నాలుగూ పోతే బార్ట్స్ హైడ్రాప్స్, ఆ బిడ్డ చాలావరకు కడుపులోనో పుట్టగానేనో పోతుంది.

బాబు సంగతి చూడండి. మామూలుగా 8 చుట్టూ ఉండే హిమోగ్లోబిన్ జ్వరం వస్తే 6కి పడిపోయేది, కళ్ళు పచ్చగా అయ్యేవి, ప్లీహం చేతికి తగిలేది. ఆల్ఫా చాలక మిగిలిపోయిన బీటాలు నాలుగు నాలుగుగా అతుక్కుని హిమోగ్లోబిన్ హెచ్ అవుతాయి, అది నిలకడ లేనిది, కణాన్నే పాడు చేస్తుంది. రక్తం తక్కువ ఉంది కదా అని మొదట ఐరన్ సిరప్ రాశారు, ఈ జబ్బులో ఐరన్ లోపం నిజంగా తేలితే తప్ప అది ఇవ్వకూడదు, ఒంట్లో ఐరన్ పేరుకునే జబ్బే ఇది.

బాబుకి చేసిన మొదటి హెచ్‌పీఎల్‌సీ కూడా నార్మల్ అనే వచ్చింది, నమ్ముతారా! హెమటాలజిస్ట్ గారు రిపోర్ట్‌లోని అంకెల టేబుల్‌ని వదిలేసి గ్రాఫ్ పేజీ తీసి, ఎడమ చివర మొదట్లోనే నిక్కబొడుచుకున్న సన్నటి గీత మీద పెన్ను పెట్టి చూపించారు. హిమోగ్లోబిన్ హెచ్ మెషిన్లోంచి అందరికంటే ముందు బయటికొచ్చేస్తుంది, సాఫ్ట్‌వేర్ లెక్క మొదలుపెట్టేలోపే అయిపోతుంది, కాబట్టి టేబుల్లోకి ఎక్కదు. శాంపిల్ పాతబడినా అది తగ్గిపోతుంది. తాజా రక్తం తీసి బ్రిలియంట్ క్రెసిల్ బ్లూ రంగు వేసి మైక్రోస్కోప్ కింద చూస్తే కణం నిండా నీలి చుక్కలు, గోల్ఫ్ బంతి మీద గుంటల్లా. ఆ తర్వాత ముగ్గురికీ డీఎన్ఏ టెస్ట్ చేస్తే అసలు సంగతి తేలింది.

ల్యాబ్‌కి ఫోన్ చేస్తే "రిపోర్ట్ కరెక్టే మేడమ్, ఆ టెస్ట్‌లో ఆల్ఫా రాదు" అన్నారు. మరి రానప్పుడు కంప్లీట్ అని ఎలా అమ్ముతారు అంటే జవాబు లేదు. రిపోర్ట్ మీద "ఆల్ఫా థలసీమియా లేదని ఈ టెస్ట్ చెప్పదు" అని ఒక్క లైను ఉంటే బావ అప్పుడే ఆగి అడిగేవాడు. మన ఏజెన్సీ వైపు గిరిజనుల్లో ఆల్ఫా డిలీషన్లు ఎక్కువని పరిశోధకులు ఎప్పుడో రాశారు, ఆల్ఫాలోనే వచ్చే ఒక మార్పుకి 1975లో కోయదొరల పేరే పెట్టారు. పాడేరు, అరకు నుంచి జనం వచ్చి టెస్టులు చేయించుకునే ఊళ్ళో ఆల్ఫా ఊసే లేని ప్యాకేజ్ అమ్మడం నాకు అస్సలు మింగుడు పడట్లేదు.

కొనేముందు కౌంటర్ దగ్గర సూటిగా అడగండి, ఆల్ఫా జీన్ డిలీషన్‌కి పీసీఆర్ అనే డీఎన్ఏ టెస్ట్ ఉందా, ఉంటే ఏయే డిలీషన్లు చూస్తుంది అని. గ్యాప్ పీసీఆర్ తన లిస్టులో ఉన్నవే వెతుకుతుంది, లిస్టులో లేనివి ఎంఎల్‌పీఏ అనే ఇంకో డీఎన్ఏ టెస్ట్‌లో దొరకొచ్చు, జీన్ పోకుండా అక్షరం మారిన రకాలకైతే సీక్వెన్సింగ్ కావాలి. అందరూ వెళ్ళి డీఎన్ఏ చేయించుకోమని అనట్లేదు. భార్యాభర్తల్లో ఒకరికైనా ఎంసీవీ తక్కువ, ఫెరిటిన్ నార్మల్, ఏ2 నార్మల్ అయితే మాత్రం ఆగండి, డాక్టర్ని అడిగి ఇద్దరూ చేయించుకోండి, రెండో మనిషి సీబీసీ బాగుందని వదిలేయొద్దు. ఐరన్ తక్కువ ఉంటే ముందు అది సరిచేసుకుని ఏ2 మళ్ళీ చూపించుకోండి, ఐరన్ లోపం ఏ2ని కిందకి లాగుతుంది, అప్పుడు బీటా కూడా దాక్కోవచ్చు. రిపోర్ట్ తీసుకునేటప్పుడు టేబుల్ ఒక్కటే ఇస్తే ఊరుకోకండి, గ్రాఫ్ పేజీ కూడా అడిగి తీసుకోండి.