రెండో బ్రెవే: ఈసారి కడుపు మొరాయించలేదు

బ్రెవే అంటే గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం. 200 కిలోమీటర్ల బ్రెవేకి పదమూడున్నర గంటలు ఇస్తారు. సగటున గంటకు 15 కిలోమీటర్లు కూడా అక్కర్లేదు. కానీ ఆగిన ప్రతి నిమిషం అందులోంచే పోతుంది. మొదటిసారి నేను దెబ్బ తిన్నది అక్కడే.

సాయంత్రం ఆరుకి స్టార్ట్. గుంపుతో పోటీపడి మొదటి 60 కిలోమీటర్లు 28 స్పీడులో తొక్కాను. గట్టిగా తొక్కేటప్పుడు రక్తం ఎక్కువగా కాళ్లకే పోతుంది, కడుపులో పడింది సరిగా అరగదు. అది తెలీక, దారిలో కార్డు మీద స్టాంపు వేయించుకునే కంట్రోల్ దగ్గర హోటల్లో కూర్చుని నూనె ఓడే వేపుళ్లు లాగించాను. సర్వీసు నెమ్మది, 50 నిమిషాలు అక్కడే గడిచిపోయాయి. 120 దగ్గరకి వచ్చేసరికి వికారం. శక్తి కోసం తినే తీపి జెల్ వాసన చూస్తేనే డోకు వచ్చేది. తినలేదు కాబట్టి కాళ్లలో సత్తువ పోయింది. ఊరికే చిరాకు, ఏ గేరు వేస్తున్నానో తెలీదు. షుగర్ పడిపోతోందనడానికి అదే గుర్తు. ఆకలి మాత్రం వేయలేదు. చివరికి 12 గంటల 50 నిమిషాలకి చేరాను.

ఈసారి స్పీడు 22 దాటనివ్వలేదు. మాట్లాడుతూ తొక్కగలిగితే సరైన వేగం, మాట తెగితే ఎక్కువ. గంటకు 50 గ్రాముల పిండిపదార్థం లెక్క పెట్టుకున్నాను. అంటే రెండు అరటిపళ్లు, లేదా ఒక ఉడికించిన బంగాళదుంప, దాంతో నాలుగైదు బిస్కెట్లు. ఇరవై నిమిషాలకోసారి వాచీ మోగితే ఒక ముక్క నోట్లో వేసుకునేవాణ్ని, ఆకలితో పనిలేకుండా. దుంపలకి ఉప్పు అద్ది సగానికి కోసి తెచ్చుకున్నాను. అర్ధరాత్రి దాటాక తీపి మొహం మొత్తింది కానీ ఆ ఉప్పదనం మాత్రం అమృతంలా ఉంది. బిస్కెట్ ప్యాకెట్లు ఇంటి దగ్గరే చింపి బ్యాగులో పోసుకున్నాను. చలికి వేళ్లు కొయ్యబారాక ప్యాకెట్ చింపడం ఎంత నరకమో పోయినసారి చూశాను.

రాత్రి దుకాణాల మీద ఆశ పెట్టుకోకూడదు. నాకు పెట్రోల్ బంకే నచ్చింది: వెలుగు, నీళ్లు, బాత్రూం, పది నిమిషాల్లో మళ్లీ రోడ్డు మీద. హోటల్ రుచి బాగానే ఉంటుంది, కానీ కుర్చీలోంచి లేవడమే కష్టం. కాఫీ ఒంటిగంట దాకా ముట్టలేదు, అందుకే రెండు గంటలకి కునుకు మీద బాగా పనిచేసింది.

నా లైటుని ఫుల్‌లో పెడితే రెండు గంటలకే చచ్చిపోతుంది. నేను మధ్య మోడ్‌లో ఉంచి, దిగుడులో మాత్రం పెంచాను. హెల్మెట్ మీద ఇంకో చిన్న లైటు, బ్రెవే కార్డు చదవడానికి, చైను ఊడితే చూడ్డానికి. తెల్లవారుజామున, మొత్తం 10 గంటల 55 నిమిషాలకి, చివరి స్టాంపు పడింది. జేబులో ఇంకా ఒక దుంప ముక్క మిగిలే ఉంది.