ఎల్ఎన్‌డీ నోడ్ సమీక్ష: లైట్నింగ్ చెల్లింపు NO_ROUTE అని ఆగిపోతే ఏం చూడాలి

ఇంట్లో చిన్న కంప్యూటర్ మీద, బిట్‌కాయిన్ లైట్నింగ్ నెట్‌వర్క్‌కి వాడే ఎల్ఎన్‌డీ అనే సాఫ్ట్‌వేర్‌తో సొంత నోడ్ పెట్టుకుని చాలా కాలంగా లైట్నింగ్ చెల్లింపులు చేస్తున్నాను. వెయ్యి, రెండు వేల సాట్స్ దగ్గర దీని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నొక్కగానే వెళ్తాయి. తేడా వచ్చేది పెద్ద మొత్తాల దగ్గరే. లక్ష సాట్స్ దాటిన తర్వాత అప్పుడప్పుడూ చెల్లింపు ఆగిపోయి FAILURE_REASON_NO_ROUTE అనే ఒక్క మాట మిగులుతుంది. ఆ మాట ఎవరి వైపు లోపమో చెప్పదు. కానీ ఎల్ఎన్‌డీని సరిగ్గా చూస్తే ఆ విషయం కూడా చెబుతుంది. నేను ఫోన్ వాలెట్ వదిలి దీనికి రావడానికి కారణం అదే, ఈ సమీక్ష కూడా దాని గురించే.

ముందు ఒక సంగతి. లైట్నింగ్‌లో డబ్బు రెండు నోడ్‌ల మధ్య తెరిచిన చానెళ్ల మీదుగా వెళ్తుంది. చానెల్ మొత్తం సైజు ఎంతో నెట్‌వర్క్‌లో అందరికీ తెలుస్తుంది. అందులో ఏ వైపు ఎంత ఉందో మాత్రం దాని రెండు చివరలా ఉన్నవాళ్లకే తెలుసు. 50 లక్షల సాట్స్ చానెల్ కనిపించినా, మనకు కావలసిన దిశలో అందులో వెయ్యే ఉండొచ్చు. అందుకే పంపే నోడ్ దారి ఊహించి ప్రయత్నిస్తుంది, ఆగిపోతే ఇంకో దారి వెతుకుతుంది. అన్ని ఊహలూ అయిపోయాక చెప్పేదే NO_ROUTE. మ్యాపులో దారే లేకపోవడం అరుదు. దారి ఉంటుంది, అందులో మన వైపు నుంచి అటు నెట్టడానికి డబ్బుండదు.

నాకు సర్వర్ పనులు చేసిపెట్టే స్నేహితుడికి నెలనెలా 3,00,000 సాట్స్ ఇవ్వాలి. ఒక నెల ఆ చెల్లింపు ఆగిపోయింది. అప్పుడు చేసిన పనులు వరసగా చెబుతాను.

నా వాలెట్‌లో 6,20,000 కనిపిస్తోంది. అది మూడు చానెళ్ల మొత్తం. మొదటి దాని సైజు 5 లక్షలు, నా వైపు 2,10,000. రెండోది 10 లక్షలది, నా వైపు 1,60,000. మూడోదానిలో 2,50,000 ఉన్నాయి గానీ అవతలి నోడ్ ఆ రోజు ఆఫ్‌లైన్‌లో ఉంది. వాలెట్ చూపే మొత్తంలో ఆఫ్‌లైన్ చానెళ్లు కూడా కలిసే ఉంటాయి. కాబట్టి మొదట కొట్టాల్సింది ఇది:

```
lncli listchannels --active_only
```

ఇందులో పనిచేస్తున్న చానెళ్లే వస్తాయి. ఆ రోజు రెండే వచ్చాయి, కలిపి 3,70,000. దీన్నీ మొత్తం పంపలేం. ప్రతి చానెల్‌లో మన వైపు కొంత రిజర్వ్ కదలకుండా ఉండాలి. మామూలుగా అది చానెల్ సైజులో 1%, అదే లిస్టులో chan_reserve_sat దగ్గర కనిపిస్తుంది. నా రెండింటికీ 5,000, 10,000 పోయాయి. చానెల్ తెరిచింది మనమే అయితే కమిట్‌మెంట్ లావాదేవీ ఫీజు కోసం ఇంకొంత పక్కన పెట్టాలి. అన్నీ పోగా మూడున్నర లక్షల దాకా పంపగలను. అంటే 3,00,000కి నా దగ్గర చాలు. చాలకపోతే ఎల్ఎన్‌డీ NO_ROUTE కాకుండా FAILURE_REASON_INSUFFICIENT_BALANCE అంటుంది. వాలెట్‌లో ఆరు లక్షలు చూపిస్తూ 4 లక్షలకు ఈ మాట వస్తే కంగారు పడనక్కర్లేదు. ఏ చానెల్ ఆఫ్‌లైన్‌లో ఉందో చూస్తే చాలు.

ఏ ఒక్క చానెల్‌లోనూ 3 లక్షలు లేవు కాబట్టి ముక్కలుగా వెళ్లాలి. ఆ పని ఎల్ఎన్‌డీ తనే చేస్తుంది, అవతలి ఇన్‌వాయిస్ దానికి ఒప్పుకుంటే. ఇప్పుడు దాదాపు అన్ని వాలెట్లూ ఒప్పుకునే ఇన్‌వాయిస్‌లే ఇస్తున్నాయి.

తర్వాత చూడాల్సింది ఫీజు పరిమితి. దారి దొరికినా దాని ఫీజు మనం పెట్టిన హద్దు దాటితే, అదీ NO_ROUTE గానే వస్తుంది. lncli లో ఏమీ పెట్టకపోతే వెయ్యి సాట్స్ దాటిన మొత్తానికి పరిమితి 5%. కొన్ని ఫోన్ యాప్‌లు ఇంతకంటే చాలా తక్కువ పెడతాయి. ఫోన్‌లో ఆగిపోయింది కమాండ్‌తో వెళ్లిందంటే మొదట దీన్నే అనుమానించాలి. నేను 0.5%తో మొదలుపెడతాను. అది కుదరకపోతే 1% దాకా వెళ్తాను, అంతకు మించి ఇవ్వను.

```
lncli payinvoice --fee_limit 1500 --timeout 120s <invoice>
```

ఈ కమాండ్ కొట్టగానే తెరమీద ఒక పట్టిక కదులుతుంది. ఎల్ఎన్‌డీలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ప్రతి ప్రయత్నానికీ ఒక వరస ఉంటుంది: ఏ చానెల్ నుంచి బయలుదేరింది, ఎంత మొత్తం, ఎంత ఫీజు, ఏయే నోడ్‌ల మీదుగా వెళ్లింది. ఆగిపోతే అది ఎక్కడో కూడా చెబుతుంది. ఆ రోజు నాకు వచ్చిన వరసల్లో ఎక్కువ భాగం ఇలా ఉన్నాయి:

```
TEMPORARY_CHANNEL_FAILURE @ 3rd hop
```

ఈ అంకెని చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే. లెక్క మన నోడ్‌తో సున్నా నుంచి మొదలవుతుంది. 1 అంటే మన చానెల్ దాటింది, మన పొరుగు నోడ్ తన తర్వాతి చానెల్‌లోకి పంపలేకపోయింది. నా దారుల్లో నాలుగు hop లు, అంటే అంగలు, ఉన్నాయి, నాలుగోది స్నేహితుడి నోడ్. కాబట్టి 3 అంటే అతనికి చానెల్ ఇచ్చిన నోడ్. డబ్బు అక్కడి దాకా వెళ్లి ఆఖరి చానెల్ దగ్గర ఆగుతోంది. నా రెండు చానెళ్ల నుంచి వేర్వేరు దారుల్లో వెళ్లినవన్నీ అక్కడే ఆగాయంటే లోపం నా వైపు కాదు. అతని చానెల్‌లో లోపలికి రావడానికి చోటు లేదు.

అదే ఆగిన చోట్లు 1, 2 అంటూ చెదురుమదురుగా ఉంటే దాని అర్థం వేరు. మధ్యలో ఆ రోజు లిక్విడిటీ పలచగా ఉంది. అప్పుడు మొత్తాన్ని తగ్గించి పంపడం, గంట ఆగి మళ్లీ ప్రయత్నించడం నిజంగా పనిచేస్తాయి. ఎల్ఎన్‌డీ ఓడిపోయిన దారులను గుర్తుపెట్టుకుని వాటిని కొంతసేపు పక్కన పెడుతుంది. ఆ పట్టింపు గంటకు సగం చొప్పున తగ్గుతుంది. ఇక UNKNOWN_NEXT_PEER అని వస్తే తర్వాతి నోడ్ అందుబాటులో లేదని అర్థం. అది ఆఖరి అంగ ముందు వస్తే అవతలి మనిషిని నోడ్ ఆన్‌లో ఉందో లేదో చూడమనాలి.

మళ్లీ నా సంగతికి వస్తే, పట్టికలో ఇంకో గుర్తు కూడా కనిపించింది. 1,50,000 ముక్క 3 దగ్గర ఆగిపోయింది. 75,000 ముక్క మాత్రం స్నేహితుడి దాకా చేరి కొంతసేపు అలాగే ఉండి, చివరికి MPP_TIMEOUT అని వెనక్కి వచ్చింది. అన్ని ముక్కలూ చేరేదాకా అవతలి నోడ్ కనీసం 60 సెకన్లు ఆగుతుంది, అప్పటికీ మిగతావి రాకపోతే చేరినదాన్ని తిప్పి పంపుతుంది. ఈ గుర్తు వచ్చిందంటే దారి ఉంది, పూర్తి మొత్తానికే చోటు చాలడం లేదు.

ఫోన్ చేసి, "నీ వైపే ఇన్‌బౌండ్ చాల్లేదురా, ఒకసారి చూడు" అన్నాను. చూస్తే అతనికి ఒకటే చానెల్, 5 లక్షలది. నెలనెలా వచ్చినవి ఖర్చు పెట్టకుండా అందులోనే ఉంచడంతో అతని వైపు 3,80,000 చేరాయి. అవతలి వైపు 1,20,000 మిగిలాయి. అందులో 5,000 రిజర్వ్ తీసేస్తే అతను అందుకోగలిగేది 1,15,000. 3 లక్షలు ఎన్ని ముక్కలు చేసినా అందులో పట్టవు.

ఇక్కడ చాలామంది సొంత చానెళ్లను రీబ్యాలెన్స్ చేయడం మొదలుపెడతారు. ఈ సందర్భంలో అది దండగ. రీబ్యాలెన్స్ మన డబ్బును ఒక చానెల్ నుంచి ఇంకో చానెల్‌కి జరుపుతుంది, అంతే. మనం పంపగలిగే మొత్తం పెరగదు, అవతలి మనిషి అందుకోగలిగేదీ పెరగదు, ఫీజు మాత్రం పోతుంది.

మాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, నేను అతని నోడ్‌కి నేరుగా 5 లక్షల చానెల్ తెరవడం. దానికి ఆన్‌చెయిన్ ఫీజు, అంటే అసలు బిట్‌కాయిన్ బ్లాక్‌చెయిన్ మీద పడే ఫీజు, కొన్ని బ్లాకుల ఎదురుచూపు కావాలి. ఆ తర్వాత మధ్యలో ఎవరికీ ఫీజు ఉండదు. వినడానికి బాగుంది గానీ లెక్క వేస్తే మొదటి నెలకు 3 లక్షలు అటు వెళ్లిపోతాయి, నా వైపు 2 లక్షల లోపే మిగులుతాయి. రెండో నెలకే చాలదు. డబ్బు ఒక్క దిశలోనే నడిచే చోట ఏ చానెల్ అయినా ఇలాగే ఖాళీ అవుతుంది.

రెండోది, అతను తన లైట్నింగ్ డబ్బును కొంత స్వాప్ సేవ ద్వారా ఆన్‌చెయిన్‌కి మార్చుకోవడం. చానెల్ మూయక్కర్లేదు, సాట్స్ అతనివే, చానెల్‌లో మాత్రం చోటు ఖాళీ అవుతుంది. 2,50,000 మార్చాడు. దానికి స్వాప్ ఫీజు, ఆన్‌చెయిన్ ఫీజు రెండూ పడతాయి కాబట్టి బ్లాక్ ఫీజులు తక్కువగా ఉన్న రోజు చూసుకుని చేశాడు. అతను అందుకోగలిగేది 3,65,000 అయింది. కొత్త ఇన్‌వాయిస్ ఇచ్చాడు, నా రెండు చానెళ్ల నుంచీ ముక్కలుగా వెళ్లిపోయింది.

కొత్త ఇన్‌వాయిస్ అన్నాను కదా, ఇక్కడ ఒక్క జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. పాత చెల్లింపు స్థితి FAILED అని తేలేదాకా ఇంకో ఇన్‌వాయిస్‌కి డబ్బు పంపకండి. IN_FLIGHT అని ఉంటే అది మధ్యలో ఎక్కడో ఆగి ఉంది, ఆలస్యంగా చేరొచ్చు. అప్పుడు రెండుసార్లు చెల్లించినట్టు అవుతుంది. ఒకే ఇన్‌వాయిస్‌ని రెండుసార్లు చెల్లించకుండా ఎల్ఎన్‌డీ ఆపుతుంది గానీ, వేరే ఇన్‌వాయిస్ అదే పని కోసమని దానికి తెలియదు. స్థితి ఇలా చూడొచ్చు:

```
lncli listpayments --include_incomplete --max_payments 1
```

ఇరుక్కున్న డబ్బు పోదు. టైమ్‌లాక్ గడువు తీరగానే వెనక్కి వస్తుంది. ఎల్ఎన్‌డీ మామూలుగా ఒప్పుకునే గరిష్ఠ గడువు 2016 బ్లాకులు, అంటే దాదాపు రెండు వారాలు. టెన్షన్ పడి చానెల్‌ని బలవంతంగా మూయొద్దు. దానివల్ల ఆన్‌చెయిన్ ఫీజు పెరుగుతుంది తప్ప డబ్బు త్వరగా రాదు.

ఎల్ఎన్‌డీలో నాకు నచ్చనిది ఒకటుంది. చెల్లింపు ముగిశాక ఓడిపోయిన ప్రయత్నాల వివరాలను అది మామూలుగా భద్రపరచదు. ఆ పట్టిక కదులుతున్నప్పుడు చూడకపోతే తర్వాత దొరకదు. lnd.conf లో ఈ వరస పెట్టుకుంటే భద్రపరుస్తుంది, డేటాబేస్ మాత్రం కాస్త పెరుగుతుంది:

```
keep-failed-payment-attempts=true
```

చిన్న చెల్లింపులే చేసేవాళ్లకు సొంత నోడ్ అవసరం లేదు, చానెళ్లను తనే చూసుకునే ఫోన్ వాలెట్ చాలు. లక్షల్లో పంపేవాళ్లకు మాత్రం ఎక్కడ ఆగిందో చూపే ఆ పట్టిక కోసమైనా ఎల్ఎన్‌డీ పెట్టుకోమంటాను. మొత్తం పది లక్షలు దాటితే, బ్లాక్ ఫీజులు తక్కువగా ఉన్న రోజున నేను లైట్నింగ్ జోలికి వెళ్లను, నేరుగా ఆన్‌చెయిన్‌లో పంపేస్తాను. స్నేహితుడు ఇప్పుడు ఇన్‌వాయిస్ ఇచ్చే ముందే తన వైపు ఎంత పడుతుందో చూసి, చాలకపోతే ముందు రోజే స్వాప్ చేసి పెడుతున్నాడు.