అద్దం పట్టీ ఉన్న ముల్లు వోల్టుమీటరు: చాలాకాలం వాడాక

ఈ మీటరు రేంజి 0–10 వోల్టులు. స్కేలు మీద 100 డివిజన్లు ఉన్నాయి, అంటే ఒక్కో డివిజన్ 0.1 వోల్టు. గీతకూ గీతకూ మధ్య దూరం సుమారు 1 మిల్లీమీటరు. ముల్లు కొస కత్తి అంచులా నిలువుగా ఉంటుంది, పైనుంచి చూస్తే 0.1 మిల్లీమీటరు మించదు. గీతల కిందే సన్నని అద్దం పట్టీ ఉంది. ఈ మీటరు కొనదగ్గదని నేను అనేది ఆ పట్టీ వల్లే. అయితే దాన్ని సరిగ్గా వాడేవాళ్లు తక్కువ.

ముల్లు స్కేలుకు అంటుకుని ఉండదు, దాదాపు 1.5 మిల్లీమీటర్లు పైన తిరుగుతుంది. కన్ను 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి 4 సెంటీమీటర్లు కుడికి జరిగిందనుకోండి. ముల్లు 0.2 మిల్లీమీటరు ఎడమకు జరిగినట్టు కనిపిస్తుంది. అసలు రీడింగు 63.7 డివిజన్లయితే మనం 63.5 అని రాసుకుంటాం, అంటే 6.37 బదులు 6.35 వోల్టులు. ఎడమ నుంచి చూసినవాళ్లు 6.39 అంటారు. ఇదే పారలాక్స్ దోషం.

ముల్లు అద్దానికి ఎంత పైన ఉందో, దాని ప్రతిబింబం అంత కిందున్నట్టు కనిపిస్తుంది. అందుకే కుడి నుంచి చూసినప్పుడు ముల్లు 63.5 దగ్గర, ప్రతిబింబం 63.9 దగ్గర ఉంటాయి. కంటికి కనబడే ఎడం అసలు దోషానికి రెట్టింపు. ప్రతిబింబం అంచు 0.1 మిల్లీమీటరు బయటికి వచ్చినా పసిగట్టగలం కాబట్టి మిగిలే తప్పు డివిజన్‌లో ఇరవయ్యో వంతు మాత్రమే. పదో వంతు అంచనాకు అది చాలు. ప్రతిబింబం ఎప్పుడూ కన్ను జరిగిన వైపే బయటపడుతుంది. అది కుడివైపు తొంగిచూస్తే, ముల్లు వెనక పూర్తిగా దాగేదాకా తలను ఎడమకు జరపాలి, అప్పుడే చదవాలి.

ఒక కన్ను మూసుకోవడం తప్పనిసరి. రెండూ తెరిస్తే ఒకదానికి ప్రతిబింబం దాగినా రెండోదానికి కనబడుతుంది, తల ఎటు జరపాలో తేలదు. ఇంకో చిక్కు నీడతో వస్తుంది. పక్కన దీపం ఉంటే ముల్లు నీడ స్కేలు మీద పడి ప్రతిబింబంలా భ్రమ పెడుతుంది. తల కదిపితే స్కేలు మీద జరిగేది ప్రతిబింబం, దీపాన్ని కదిపితే జరిగేది నీడ. పట్టీ మీద మాత్రమే చూస్తే గందరగోళం ఉండదు.

ఇక పదో వంతులు. ముందుగా, ముల్లు సగానికి ఇవతలా, అవతలా అని తేల్చుకోవాలి. అవతలైతే, తరువాతి గీతకు మిగిలిన ఖాళీ ఎంతో చూడాలి. పై ఉదాహరణలో 64కు మిగిలింది మూడో వంతు కన్నా కాస్త తక్కువ, అందుకే 0.7. దగ్గరి గీత నుంచి చిన్న ఖాళీని కొలిచి తీసివేయడం, దూరపు గీత నుంచి పెద్ద ఖాళీని ఊహించడం కన్నా నమ్మకం. 0, 5 అంకెల వైపు మొగ్గే అలవాటును కూడా గమనించుకోవాలి. వరుస రీడింగుల చివర అవే పదేపదే వస్తుంటే కన్ను కాదు, చెయ్యి రాస్తున్నట్టే.

ఎక్కువమంది పొరపడేది గీత మందం దగ్గర. ఇక్కడ గీత 0.2 మిల్లీమీటరు మందం. ముల్లు గీత అంచును ఆనుకుని ఉంటే సున్నా అని రాసేస్తారు. నిజానికి గీత మధ్య నుంచి ముల్లు మధ్యకు గీతలో సగం, ముల్లులో సగం కలిపి 0.15 మిల్లీమీటరు ఉంటుంది, అంటే ఒకటిన్నర పదో వంతు. కొలత ఎప్పుడూ మధ్య నుంచి మధ్యకే.

రీడింగుకు ముందు సప్లై తీసేసి, ఇదే పద్ధతిలో ప్రతిబింబం దాచి చూస్తూ సున్నా స్క్రూ సరిచేయాలి. అక్కడ పక్కనుంచి చూసి సరిచేస్తే తప్పు ప్రతి రీడింగులోకీ వెళ్తుంది. ముల్లు బేరింగులో ఇరుక్కోకుండా గాజును వేలితో మెల్లగా తట్టి, ఆగాక చదవాలి.

ఇంత చేసినా ఈ మీటరు క్లాసు 0.5. అంటే స్కేలులో ఎక్కడైనా ±0.05 వోల్టు, అర డివిజన్, తేడా ఉండొచ్చు. కాబట్టి 6.37 అనేది ముల్లు చూపిన చోటు మాత్రమే, వోల్టేజి కచ్చితంగా అంతేనని కాదు. పదో వంతులు నిజంగా పనికొచ్చేది దగ్గరదగ్గరి రెండు రీడింగుల మధ్య తేడాకు. లోడు పెట్టకముందు 6.37, పెట్టాక 6.33 వస్తే ఆ 0.04 తగ్గుదలను నమ్మొచ్చు, ఎందుకంటే క్రమాంకన దోషం రెండింట్లోనూ దాదాపు ఒకటే.

నిరోధం కొలిచే మీటర్లలోని ఓమ్ స్కేలు మీద మాత్రం ఈ లెక్క పనిచేయదు. అక్కడ గీతలు ఒక చివర ఒత్తుకుపోతాయి. మధ్య విలువ 20 ఓములున్న స్కేలులో 50, 100ల నడిమధ్య ముల్లు ఆగితే విలువ 75 కాదు, సుమారు 68.