బొద్దింకల మందు వాళ్లు పంపిన మెసేజ్ నమ్మి నేను చేసిన తప్పు మీరు చేయకండి

నిన్న మధ్యాహ్నం వరకు మా హాల్లో ఏడు గోల్డ్‌ఫిష్‌లు ఉండేవి. ఈ రోజు తొట్టి ఖాళీ. కోపం మీద రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

వాళ్లెవరో మీకు చెప్పనక్కరలేదు. లిఫ్టు పక్కన "మూడు నెలల గ్యారంటీ" అని కాగితం అంటించారే, వాళ్లే. 1,400 రూపాయలకు ఒప్పుకున్నారు. మొన్న రాత్రి మెసేజ్ వచ్చింది: "రేపు ఉదయం 10 నుంచి 12 మధ్య వస్తాము. వంటగది అరలు ఖాళీ చేసి ఉంచగలరు. వాసన ఉండదు. అరగంట బయట ఉంటే చాలు." చివర నమస్కారం బొమ్మ కూడా పెట్టారు. మర్యాదకు లోటు లేదు.

పది గంటలకల్లా గిన్నెలు, డబ్బాలు అన్నీ మంచాల మీదకు చేరాయి. పన్నెండు దాటింది, ఒంటిగంట దాటింది. ఫోను చేస్తే "దారిలో ఉన్నారు సార్". మూడు నలభైకి ఒక కుర్రవాడు వచ్చాడు. అరల కీళ్ల దగ్గర, సింకు కింద కందిగింజంత జెల్ చుక్కలు పెట్టాడు. అంతవరకు బాగానే ఉంది. తరువాత బాత్రూములోకి వెళ్లి, పేరు చీటీ లేని మంచినీళ్ల సీసాలోంచి ఏదో పంపు డబ్బాలో పోసి నీళ్లు కలిపాడు. పాలలా తెల్లగా అయింది. "ఇదేమిటి బాబూ?" అన్నాను. "అదే మందు సార్, మీరు బయటికి వెళ్లండి" అన్నాడు. వెళ్లాను. చదువుకున్నవాడిని, బుద్ధిమంతుడిలా వెళ్లాను.

సరిగ్గా అరగంటకు తిరిగి వచ్చాం. గోడల అంచుల వెంట నేల ఇంకా తడిగానే ఉంది. తొట్టి వెనక గాలి పంపు బుడబుడమంటూ నడుస్తోంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఒకటి పక్కకు ఒరిగి బొంగరంలా గిరగిర తిరుగుతోంది. మా అమ్మాయి "నాన్నా, అది ఆడుకుంటోందా?" అని అడిగింది. సగం నీళ్లు మార్చాం, పంపు తీశాం. రాత్రి తొమ్మిదికి ఆఖరిది కూడా పోయింది.

వాళ్ల సూపర్‌వైజరుకు ఫోను చేసి పట్టుబడితే మందు పేరు డెల్టామెత్రిన్ అని చెప్పాడు. పురుగుమందుల దుకాణం నడిపే మా బావమరిదికి ఆ పేరు చెప్పగానే తల పట్టుకున్నాడు. ఆ జాతి మందులు మనుషుల కంటే చేపలకు ఎన్నో రెట్లు విషం. గాలి పంపు గదిలోని గాలిని లాగి నీళ్లలోకి వదులుతుంది, అంటే తుంపరలను నేనే తొట్టిలోకి ఎక్కించానన్నమాట. పంపు ఆపి, తొట్టిని ప్లాస్టిక్ షీటుతో మూసి, వీలైతే వేరే ఇంటికి చేర్చాలట. ఈ ఒక్క ముక్క మెసేజ్‌లో ఉంటే చాలు కదా!

సూపర్‌వైజరు ఏమన్నాడో తెలుసా? "చేపలున్నాయని మీరు మెసేజ్‌కు జవాబు ఇవ్వలేదు సార్." హాల్లో మూడడుగుల తొట్టి! దాని పక్కనే నిలబడి వాళ్ల మనిషి మందు కొట్టాడు. జవాబు నేను ఇవ్వాలట.

నిజానికి ఆ "అరగంట" అన్న మాట దగ్గరే నాకు అనుమానం రావలసింది. జెల్ ఒక్కటే పెడితే ఇల్లు వదలనక్కరలేదు, పిల్లలు, పెంపుడు జంతువులు ముట్టకుండా చూసుకుంటే చాలు. పిచికారీ అయితే తడి పూర్తిగా ఆరేదాకా, మామూలుగా రెండు నుంచి నాలుగు గంటలు, బయటే ఉండాలి. వానాకాలంలో ఇంకా ఎక్కువ. తిరిగి రాగానే కిటికీలు తీసి గాలి ఆడనివ్వాలి. అరగంట దేనికీ చెందదు. పైగా జెల్ పక్కనే పిచికారీ చేస్తే ఆ వాసనకు బొద్దింకలు జెల్ జోలికి రావట. కాబట్టి 1,400 కూడా నీళ్లపాలే.

పిలిచేవాళ్లు మందు పేరు, జెల్లా పిచికారీనా, ఎన్ని గంటలు బయట ఉండాలి అన్నవి ముందే రాయించుకోండి. డబ్బా మీది చీటీ చూపించమనండి, దాని మీద రంగు త్రికోణం ఉంటుంది. సీసాలో తెస్తే గుమ్మం దగ్గరే ఆపండి. పిల్లి, కుక్క, చేపలు ఉంటే మీరే ముందు చెప్పండి, వాళ్లు అడగరు.

ఇప్పుడే ఇంకో మెసేజ్ వచ్చింది. "రెండో విడత 15 రోజుల తరువాత, ఉదయం 10 నుంచి 12 మధ్య. అరగంట బయట ఉంటే చాలు." నమస్కారం బొమ్మతో సహా.