ఐదేళ్లు వాడిన ప్రింటర్‌లో ఫ్యాక్స్: నన్ను ఇబ్బంది పెట్టింది యంత్రం కాదు, ఫోను లైను

ఈ మల్టీఫంక్షన్ ప్రింటర్‌ని ఐదేళ్లుగా రోజూ వాడుతున్నాను. ముద్రణ ఎలా ఉంటుంది, స్కానింగ్ ఎంత వేగం అన్నవి అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. నేను దీన్ని కొన్నది ఫ్యాక్స్ కోసం. మా చిన్న కార్యాలయం నుంచి వారానికి పది, పదిహేను పత్రాలు పంపాలి. వాటిని అందుకునే రెండు చోట్ల బయటివాళ్ల ఈమెయిల్ జోడింపులు తెరవరు, ఫ్యాక్స్ మాత్రమే తీసుకుంటారు. కాబట్టి ఫ్యాక్స్ ఇంకా అవసరమా అన్న ప్రశ్నకు నా వైపు నుంచి జవాబు ఎప్పుడో తేలిపోయింది. తేలనిది ఏమిటంటే, ఆ ఫ్యాక్స్‌ని ఏ దారిలో పంపాలన్నది.

మొదటి రెండేళ్లూ దీన్ని అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ మెచ్చుకుంటూ చెప్పాను. వెనుక LINE అని రాసి ఉన్న జాక్‌లో ఫోను తీగ పెట్టడం, నంబరు నొక్కడం, అంతే. అక్షరాలున్న పేజీ పన్నెండు సెకన్లలో వెళ్లిపోయేది. ఆ మెప్పును ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి. అప్పుడు బాగా పనిచేసింది యంత్రం ఒక్కటే కాదు, దాని వెనుక ఉన్న రాగి తీగ కూడా.

మూడో ఏడు ఆ తీగ తీసేసి ఫైబర్ ఇచ్చారు. ఫోను కోసం రూటర్ వెనుక ఒక వాయిస్ పోర్టు ఉంది. ప్రింటర్ తీగను అందులో పెట్టాను. డయల్ టోన్ వచ్చింది, ఒక పేజీ పంపితే వెళ్లింది. అంతా సరిగ్గా ఉందనుకున్నాను. ఆ వారమే పద్నాలుగు పేజీల పత్రం పంపాల్సి వచ్చింది. మూడో పేజీ మధ్యలో లైను తెగింది. మళ్లీ పంపితే నాలుగో పేజీలో, మూడోసారి రెండో పేజీలోనే తెగింది.

కాగితాలు చిక్కుకుంటున్నాయేమో అని మొదట రోలర్లు తుడిచాను. అసలు ఆధారం ప్రింటర్ ఇచ్చే ఫ్యాక్స్ రిపోర్టులో ఉంది. ఆగిపోయిన ప్రతి ఫ్యాక్స్‌కూ ఎన్ని పేజీలు వెళ్లాయో, ఎంత సమయం పట్టిందో అందులో ఉంటుంది. ఒకదానిలో రెండు పేజీలకు 5 నిమిషాల 40 సెకన్లు అని ఉంది. పాత లైనులో ఆ సమయంలో పద్నాలుగు పేజీలూ వెళ్లిపోయేవి. అంటే యంత్రం పంపినదాన్నే పదే పదే పంపుతోంది. మీకు ఇలాంటి ఇబ్బంది వస్తే ముందు ఈ అంకె చూడండి. సమయం మామూలుగానే ఉండి తెగితే కారణం వేరే ఉండవచ్చు. సమయం సాగిపోతే మాత్రం లైనులో అక్షరాలు పాడవుతున్నట్లే.

ఎందుకు పాడవుతాయో అర్థం చేసుకోవడానికి నాకు కొన్నాళ్లు పట్టింది. ఫైబర్ మీద ఫోను మాట అంటే ధ్వనిని చిన్న ముక్కలుగా కోసి పంపడమే. సాధారణంగా ఒక్కో ముక్క 20 మిల్లీసెకన్లు. మనుషుల మాటలో ఒక ముక్క పోతే చెవికి తెలియదు, అవతలి పరికరం ఆ ఖాళీని ఊహించి పూడ్చేస్తుంది. ఫ్యాక్స్‌కు ఊహ పనికిరాదు. సెకనుకు 14,400 బిట్ల వేగంతో వెళ్తుంటే ఆ ఒక్క ముక్కలో 288 బిట్లు ఉంటాయి. పైగా రెండు మోడెమ్‌ల మధ్య తాళం తప్పితే దాని వెనుక వచ్చేవి కూడా కాసేపు చెడతాయి.

ఇలాంటి నష్టాన్ని సరిచేసేదే ECM అనే అమరిక. అది ఉన్నప్పుడు పేజీ సమాచారాన్ని చిన్న చిన్న ఫ్రేములుగా విడదీస్తారు. చెడిన ఫ్రేముల జాబితాను అవతలి యంత్రం తిరిగి పంపుతుంది, ఇవతలిది వాటిని మాత్రమే మళ్లీ పంపుతుంది. నాలుగుసార్లు అడిగినా పూర్తి కాకపోతే వేగం తగ్గించాలి లేదా వదిలేయాలి. నా పద్నాలుగు పేజీలు ఆగిపోతున్నది సరిగ్గా ఈ మలుపులోనే.

ముందు రూటర్ అమరికల పేజీ తెరిచాను. ధ్వనిని బాగా కుదించి పంపే కోడెక్‌లు అనే పద్ధతులను తీసేసి, అంతగా కుదించని G.711 ఒక్కటే ఉంచాను. మాట లేనప్పుడు ప్యాకెట్లు పంపకుండా ఆపే అమరికను కూడా ఆపేశాను. ఫ్యాక్స్ కోసమే ఉన్న T.38 అనే పద్ధతి కూడా ఆ పేజీలో ఉంది కానీ, మా సేవాదారు వైపు దానికి మద్దతు లేదు. రెండు వైపులా ఉంటేనే అది పనికొస్తుంది. ఈ మార్పులతో ఉదయం పూట పద్నాలుగు పేజీలూ వెళ్లాయి. మధ్యాహ్నం మళ్లీ తెగాయి. ఆ సమయంలో కంప్యూటర్ల బ్యాకప్ ఎక్కుతూ ఉంటుంది, అదే దారిలో ఫ్యాక్స్ ముక్కలు వెనుకబడుతున్నాయి. బ్యాకప్‌ను రాత్రికి మార్చాను.

తరువాత ప్రింటర్‌లో వేగాన్ని 33,600 నుంచి 14,400కు, చివరికి 9,600కు దించాను. అప్పటికీ పెద్ద పత్రాల్లో అయిదింట ఒకటి ఆగేది. అప్పుడు చాలామంది చెప్పిన సలహా విని ECM ఆపేశాను. అది ఆపగానే వేగాల జాబితాలో 33,600 కనబడకుండా పోయింది, ఎందుకంటే ఆ వేగానికి ECM తప్పనిసరి. ఆ రోజు నుంచి ఒక్క ఫ్యాక్స్ కూడా ఆగలేదు. ప్రతి రిపోర్టులోనూ OK. నెల రోజులు చాలా సంతోషంగా ఉన్నాను.

నెల తిరిగాక అవతలి కార్యాలయం నుంచి ఒకామె ఫోను చేసింది. "ఏమండీ, మీరు పంపిన పట్టికలో మూడో వరుస చూస్తున్నాను. అది ఎనిమిది అనుకోవాలా, ఆరు అనుకోవాలా?" నా దగ్గరున్న అసలు కాగితం తీసి చూస్తే స్పష్టంగా 8 ఉంది. ఆమె చేతిలో ఉన్నది వేరు. నాకు చాలా భయం వేసింది. ఆమె అడిగింది కాబట్టి తెలిసింది, అడగకపోతే?

ECM లేనప్పుడు చెడిన గీతను ఎవరూ మళ్లీ అడగరు. అవతలి యంత్రం దాన్ని వదిలేయవచ్చు, లేదా పై గీతనే ఇంకోసారి ముద్రించవచ్చు. చెడిన గీతలు దాని హద్దు లోపలే ఉంటే పేజీ అందినట్లే జవాబిస్తుంది, మనకు OK వస్తుంది. ఇక లెక్క చూడండి. మామూలు స్పష్టతలో ఫ్యాక్స్‌కు అంగుళానికి నిలువునా 98 గీతలే. రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తున్న అంకెకు దక్కేవి తొమ్మిది, పది గీతలు. అందులో రెండు చెడినా 8కీ 6కీ తేడా తెలియకపోవచ్చు. ఫైన్ అమరికలో 196 గీతలు కాబట్టి అదే అంకెకు పందొమ్మిది దాకా వస్తాయి, కాస్త నష్టాన్ని తట్టుకుంటుంది. నేను వేగం కోసం మామూలు స్పష్టతలోనే పంపుతూ వచ్చాను.

అవతలివాళ్ల చేతికి ఏం వెళ్తోందో చూడాలనుకున్నప్పుడు అక్కరకు వచ్చింది ఇంటర్నెట్ ఫ్యాక్స్. ఒక సేవలో కొద్ది రోజుల ప్రయత్నానికి ఒక నంబరు తీసుకున్నాను. నా ప్రింటర్ నుంచి ఆ నంబరుకు పంపితే, వచ్చినది పీడీఎఫ్‌గా నా ఈమెయిల్‌కే చేరుతుంది. అద్దంలో చూసుకున్నట్లే. అంకెలతో నిండిన ఒకే పేజీని ECM ఆపి ఇరవైసార్లు పంపాను. రిపోర్టులన్నీ OK. పీడీఎఫ్‌లు పెద్దవి చేసి చూస్తే మూడింటిలో అడ్డంగా సన్నని కోతలు, ఒకదానిలో ఒక వరుస అంకెలు నలిగిపోయి ఉన్నాయి. ECM పెట్టి పంపిన ఇరవైలో రెండు మధ్యలో తెగాయి, కానీ చేరిన పద్దెనిమిదీ శుభ్రంగా ఉన్నాయి. తెగిన ఫ్యాక్స్ గురించి నాకు తెలుస్తుంది, మళ్లీ పంపుకుంటాను. చెడి చేరినదాని గురించి నాకు తెలియదు. ఆ రోజే ECM మళ్లీ పెట్టేశాను.

ఇప్పుడు ECM ఉంచి, వేగం 9,600, స్పష్టత ఫైన్, ఒక్కోసారి అయిదు పేజీలకు మించకుండా పంపుతున్నాను. పేజీకి ముప్పావు నిమిషం పడుతుంది. పెట్టె మీద రాసిన మూడు సెకన్ల మాట మరచిపోయాను.

ప్రయత్నం కోసం తీసుకున్న ఇంటర్నెట్ నంబరును వదలలేదు. పెద్ద పత్రాలు దాని ద్వారానే పంపుతున్నాను. నేను స్కాన్ చేసి ఎక్కిస్తే, ఆ సేవ తన మంచి లైను నుంచి అవతలి యంత్రానికి ఫోను చేస్తుంది. అవతలివాళ్లకు అది మామూలు ఫ్యాక్సే. దీనితో రెండు ఇబ్బందులు చూశాను. బూడిదరంగు స్కాన్ ఎక్కిస్తే అది నలుపు తెలుపులకు మారేటప్పుడు లేత ముద్రలు, పెన్సిలు సంతకాలు మాయమవుతాయి. అందుకని ప్రింటర్‌లోనే నలుపు తెలుపులో, కాస్త ముదురుగా స్కాన్ చేస్తున్నాను. రెండోది, పత్రం వాళ్ల సర్వర్‌లో ఉండిపోతుంది. ఎన్నాళ్లకు తుడిచెయ్యాలో అమరికల్లో మనమే చెప్పాలి, మొదట్లో అది ఎప్పటికీ ఉంచేలా ఉంది. వ్యక్తిగత వివరాలున్న కాగితాలను ఇప్పటికీ ప్రింటర్ నుంచే పంపుతున్నాను. ఇంకో మాట: వాళ్ల దగ్గర నుంచి వచ్చే మొదటి ఈమెయిల్ మన పత్రం వరుసలో చేరిందని మాత్రమే. అందిందని చెప్పేది రెండోది, దాని కోసం ఆగాలి.

అందుకోవడం గురించి ఒక్క చేదు అనుభవం. కాగితం అయిపోతే వచ్చిన ఫ్యాక్స్‌ను ఈ యంత్రం తన మెమరీలో దాచుకుంటుంది, పంపినవాళ్లకు OK ఇస్తుంది. ఒక సెలవు రోజు అలా దాచుకున్నది, కరెంటు పోయి వచ్చాక లేదు. అప్పటి నుంచి వచ్చిన ప్రతిదాన్నీ ఈమెయిల్‌కు కూడా పంపే అమరిక పెట్టాను. ఈ ప్రింటర్‌లో నాకు ఇప్పుడు అన్నిటికన్నా నచ్చేది అదే.

మళ్లీ కొనాల్సి వస్తే ఫ్యాక్స్ ఉన్నదే కొంటానా? రాగి లైను ఇంకా ఉండి, వారానికి నాలుగైదు పేజీలు పంపేవాళ్లకు సందేహం లేకుండా కొనమంటాను. లైను ఫైబర్ మీద ఉంటే, T.38 ఇస్తారా అని ముందు ఫోను సేవాదారును అడగండి. ఇవ్వం అని వాళ్లంటే నా దారి మీకు సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. నా దగ్గర పంపవలసిన చోట్లు రెండే. ఇద్దరూ ఫోను ఎత్తి అంకెలు సరిచూసుకునే ఓపిక ఉన్నవాళ్లు. పట్టిక పంపిన ప్రతిసారీ చివరి మొత్తాన్ని ఫోనులో చదివి వినిపించే అలవాటు ఆ ఎనిమిది తరువాత వచ్చింది. ప్రింటర్ మారినా దాన్ని మాత్రం మానను.