ఐదేళ్లు, మూడు సెట్ల టైర్లు: నా కారు మీటరు చెప్పిన లెక్క

మాది శ్రీకాకుళం. కారు కొన్న కొత్తలో ఓ రోజు టెక్కలి వెళ్తుంటే పక్క సీట్లో మా అబ్బాయి ఫోన్‌లో జీపీఎస్ వేగం చూస్తూ, “నాన్నా, మీటర్లో 80 ఉంది, ఫోను 75 అంటోంది” అన్నాడు. మీటరు పాడైందని కంగారుపడి సర్వీసుకు పట్టుకెళ్లాను. అన్ని కార్లూ అంతేనండి అని పంపేశారు, కారణం మాత్రం చెప్పలేదు. అది నేనే తెలుసుకున్నాను.

మీటరుకు రోడ్డు కనపడదు. చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, ఒక్కో చుట్టుకు ఇంత దూరమని కంపెనీ పెట్టిన అంకెతో గుణిస్తుంది. కానీ చుట్టు కొలత ఎప్పుడూ ఒక్కటే కాదు. కొత్త టైరుకీ పూర్తిగా అరిగిన టైరుకీ ఒకటిన్నర, రెండు శాతం తేడా ఉంటుంది. ఐక్యరాజ్యసమితి 39వ నంబరు నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కంటే తక్కువ చూపడానికి వీల్లేదు. ఎక్కువ చూపొచ్చు గానీ, అసలు వేగంలో పదో వంతు మీద 4 కిలోమీటర్లు దాటకూడదు. అంటే నిజంగా 80లో వెళ్తుంటే మీటరు 92 దాకా చూపినా తప్పు కాదు. అందుకే కంపెనీలు ఏ టైరుతోనూ తక్కువ పడకుండా ముల్లును కావాలనే కాస్త పైకి పెడతాయి.

అయితే దూరం లెక్కలో ఈ పెంపు ఉండనక్కర్లేదు. నరసన్నపేట వైపు హైవే మీద కిలోమీటరు రాళ్లు చూసుకుంటూ 20 కిలోమీటర్లు నడిపితే ట్రిప్ మీటరు 20.1 చూపింది. వేగం దాదాపు ఏడు శాతం ఎక్కువ చెప్పే మీటరే దూరం దాదాపు సరిగ్గా చెప్పింది. వేగం ఎక్కువ చూపిస్తోంది కాబట్టి మైలేజీ కూడా దొంగలెక్కే అనుకోవడం నా కారు విషయంలో తప్పని అప్పుడే తేలింది.

అసలు చిక్కు రెండో సెట్టుతో వచ్చింది. కంపెనీ టైరు 165/80 R14. షాపతను “వెడల్పు టైరెయ్యండి, రోడ్డుని గట్టిగా పట్టుకుంటాది” అని 185/65 R14 వేశాడు. రిమ్ము అదే కదా అని నేనూ ఒప్పుకున్నాను. రెండో అంకె టైరు పక్కగోడ ఎత్తు వెడల్పులో ఎన్ని శాతమో చెబుతుందని అప్పుడు నాకు పట్టలేదు. లెక్క ఇదీ: 165లో 80 శాతం 132 మిల్లీమీటర్లు. కిందా పైనా కలిపి 264, దానికి 14 అంగుళాల రిమ్ము 355.6 కలిపితే మొత్తం ఎత్తు 619.6. కొత్తదానికి ఇదే లెక్క వేస్తే 596.1. టైరు వెడల్పయింది గానీ నాలుగు శాతం పొట్టిదైంది.

కిలోమీటరుకు చక్రం సుమారు 20 చుట్లు ఎక్కువ తిరుగుతోంది, ఆ సంగతి మీటరుకు తెలియదు. అదే రాళ్ల మధ్య ట్రిప్ మీటరు 20.9 చూపింది. ముల్లు 80 దగ్గర ఉంటే ఫోను 72 అంది. వీటికంటే ముందే నన్ను మోసం చేసింది మైలేజీ. ఫుల్ ట్యాంకు లెక్కన 18.2 ఇచ్చే కారు 18.6 ఇస్తోందని నలుగురికీ చెప్పుకున్నాను. కొలత సరిచేస్తే అది 17.9. పెరిగిందనుకున్నది నిజానికి తగ్గింది. పైగా కారు 12 మిల్లీమీటర్లు కిందికి దిగి, మా ఊరి స్పీడ్ బ్రేకర్లకు అడుగు తగలడం మొదలైంది. ఆయిల్ మార్పు మాత్రం మీటరు చూసే చేయించాను. చక్రంతో పాటు ఇంజనూ అన్ని చుట్లు ఎక్కువ తిరిగినట్టే కదా.

పొట్టి టైరు డబ్బు, సుఖం పోగొడుతుంది. పొడుగు టైరు అంతకన్నా ప్రమాదం. మా బావ తన జీపుకు 215/75 R15 తీసేసి 235/75 R15 వేయించాడు. ఎత్తు 703.5 నుంచి 733.5 అయింది. “నా మీటరు ఇప్పుడు నిజమే సెప్తంది బావా” అని సంబరపడ్డాడు. అతని ముల్లు 80 దగ్గర ఉన్నప్పుడు మునుపు ఫోను 76 చూపేది, ఇప్పుడు 79. నిబంధన మనకోసం ఉంచిన వెసులుబాటు దాదాపు కరిగిపోయింది. ఇంకో సైజు పెద్దది వేస్తే మీటరు 80 అంటుండగానే కెమెరా ముందు 80 దాటేస్తాడు. అతని ఓడోమీటరు వంద కిలోమీటర్లకు 96 చూపిస్తోంది. రేపు ఆ బండి కొనేవాడికి తెలిసేదెలా?

మూడో సెట్టుకు ఇంట్లోనే లెక్క వేసుకుని షాపుకెళ్లాను. 185/70 R14 ఎత్తు 614.6, అసలుదాని కంటే ఒక శాతం లోపే తక్కువ. వెడల్పు దక్కింది, కారు మళ్లీ లేచింది. రెండేళ్లుగా అవే. మొన్న అవే రాళ్ల మధ్య చూస్తే 20.3. ముల్లు 80 మీద నిలకడగా ఉంచి పది సెకన్లు ఆగాక మా అబ్బాయి ఫోను చూసి, “డెబ్బై నాలుగు” అన్నాడు.