సిరీస్ టైటిల్‌కి రెడీమేడ్ ఫాంటా, చేతిరాతా: ఏది మేలు?

‘నీళ్ల ట్యాంకర్’ అని ఆరు ఎపిసోడ్ల సిరీస్ తీస్తున్నారనుకుందాం. హైదరాబాద్‌లో ఓ అపార్ట్‌మెంట్, ఎండిపోయిన బోరు, సగం నవ్వులు, సగం కీచులాటలు. పోస్టర్ మీద ఆ పేరు ఎలా రాయాలి?

తేలికైన దారి ఫాంట్. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి లాంటివి ఉచితం, వ్యాపారానికీ వాడుకోవచ్చు. ఐదు నిమిషాల పని. చిక్కల్లా టోన్‌తోనే. రామభద్ర బాగా లావు అక్షరం. అందులో ఈ పేరు పెడితే ట్యాంకర్ ఎవరినో గుద్దేసిందన్న వార్తలా ఉంటుంది. మండలి పేరాలకు పేరాలు చదవడానికి చేసింది కాబట్టి పోస్టర్ మీద నోటీసులా తేలిపోతుంది. ఇంకో మాట: పాత ఫొటోషాప్ వెర్షన్లలో టెక్స్ట్ సెట్టింగ్ భారతీయ లిపులకు మార్చకపోతే ‘ళ్ల’లో లావత్తు కిందికి దిగదు, అక్షరాలు విడివిడిగా పడతాయి. తెలుగు రాని డిజైనర్ దాన్ని గమనించడు.

చేతిరాత అయితే ఈ కథకి సరిగ్గా నప్పుతుంది, ఎందుకంటే ట్యాంకర్ల వెనకాల పేర్లు పెయింటరే రాస్తాడు. అలాంటి పెయింటర్ చేతే చార్ట్ మీద చదును కుంచెతో నాలుగైదు రకాలుగా రాయించి, స్కాన్ చేసి, వెక్టర్‌గా గీయించుకోవాలి. నీడలూ మెరుపులూ వద్దనాలి, లేకపోతే పేరడీ అయిపోతుంది.

చేతిరాత అసలు లాభం రెండు వరసల్లో రాసేటప్పుడు తెలుస్తుంది. పైన ‘నీళ్ల’, కింద ‘ట్యాంకర్’ అని ఫాంట్‌తో పేరిస్తే పై వరస లావత్తు కింది వరసలోని ‘క’ తలకట్టుకి తగులుతుంది. తగలకుండా వరసలు ఎడం చేస్తే పేరు రెండు ముక్కలవుతుంది. చేత్తో రాసేవాడు ‘ట్యాం’లో సున్నాకి తలకట్టు లేదు కదా అని ఆ ఖాళీలోకి లావత్తుని దింపేస్తాడు. రెండు మాటలూ ఒక్క బొమ్మలా కుదురుతాయి. ఫాంట్‌ని అవుట్‌లైన్‌గా మార్చి ఇదే పని చేయొచ్చు గానీ, ఆ అక్షరంలో కుంచె నడక రాదు.

చేతిరాతకీ ఓ హద్దుంది. మీ దగ్గర ఉండేది టైటిల్‌లోని అక్షరాలే. ‘ఎపిసోడ్ 3: మోటార్’ అని రాయాలంటే మళ్లీ పెయింటర్ కావాలి.

అందుకే నా ఓటు: టైటిల్ చేతిరాత, ఎపిసోడ్ పేర్లూ క్రెడిట్లూ మండలి. ప్రచారానికి ఇంగ్లిష్ అక్షరాల్లోనూ పేరు కావాలి. Neella, Nilla అని రకరకాలుగా రాస్తే వెతికేవాళ్లకి దొరకదు, ఒక్క స్పెల్లింగే ఖాయం చేసుకోండి.

ఓకే అనే ముందు టైటిల్‌ని ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి, కథ తెలియని వాళ్లకి చూపించండి. ‘నీళ’ అని చదివారంటే లావత్తు చిన్నదైనట్టు. యూట్యూబ్ థంబ్‌నెయిల్‌లో కుడివైపు కింద మూల నిడివి అంకె పడుతుంది, ‘ర్’ని అక్కడ పెట్టకండి.